తెలుగు వరుసలను అర్థ ఘటకాలుగా విడదీయడం ఎలా?

నాన్న తమ్ముడు బాబాయి. పిన్ని భర్త కూడా బాబాయే. మొదటాయనది మన ఇంటిపేరే, మన గోత్రమే. రెండో ఆయనకు మనతో రక్తసంబంధమే లేదు, పిన్నిని పెళ్లి చేసుకుని చుట్టమయ్యాడు. అయినా ఇద్దరికీ మాట ఒకటే. ఇంకోవైపు నాన్న చెల్లెల్నీ అమ్మ చెల్లెల్నీ చూడండి. ఇద్దరూ రక్తసంబంధీకులే, ఇద్దరూ ఆడవాళ్లే, ఇద్దరిదీ ఒకటే తరం. కానీ ఒకరు మేనత్త, ఇంకొకరు పిన్ని. ఎక్కడ దూరం ఉందనుకుంటామో అక్కడ తెలుగు ఇద్దరినీ కలిపేస్తోంది, ఎక్కడ తేడా లేదనుకుంటామో అక్కడ విడదీస్తోంది. ఈ రెండింటికీ కారణం ఒకటే. దాన్ని బయటికి తీసే పద్ధతి పేరు అర్థ ఘటక విశ్లేషణ.

ఒక అర్థక్షేత్రంలోని, అంటే ఒకే విషయానికి చెందిన, మాటలన్నిటినీ పక్కపక్కన పెట్టి, ఒకదాన్ని ఇంకొకదాని నుంచి వేరు చేసే అతి చిన్న తేడాలు ఏమిటో పట్టుకోవడమే ఈ పద్ధతిలో చేసే పని. ఆ తేడాలే ఘటకాలు. 1956లో ‘లాంగ్వేజ్’ అనే భాషాశాస్త్ర పత్రిక ఒకే సంచికలో మానవశాస్త్రవేత్త వార్డ్ గుడెనఫ్ పసిఫిక్‌లోని ట్రుక్ దీవుల వరుసలను, భాషావేత్త ఫ్లాయిడ్ లౌన్స్‌బరీ అమెరికాలోని పానీ జాతి వరుసలను ఇలా విడదీసి చూపించాక ఇది స్థిరపడింది. చుట్టరికం మాటలు దీనికి బాగా లొంగుతాయి. ఎందుకంటే ఒక మాట ఎవరెవరికి వర్తిస్తుందో ‘అమ్మ అన్న’, ‘నాన్న అక్క కూతురు’ అని వేలుపెట్టి చూపించగలం. ‘అందం’, ‘కోపం’ లాంటి మాటలతో ఆ పని కుదరదు.

మొదటి మెట్టు: జాబితా రాసుకోవడం

ముందు ‘నేను’ ఎవరో తేల్చుకోవాలి. మగవాడా, ఆడమనిషా? ఈ ప్రశ్న ఎందుకు కీలకమో తర్వాత తెలుస్తుంది. ప్రస్తుతానికి ‘నేను’ మగవాడు అనుకుందాం.

ఒక్కో వరుస మాట రాసి, దాని ఎదురుగా ఆ మాటతో పిలవగలిగే వాళ్లందరినీ దారులుగా రాయాలి. ఉదాహరణకు ‘మామ’ ఎదురుగా అమ్మ అన్న, అమ్మ తమ్ముడు, నాన్న అక్క భర్త, నాన్న చెల్లెలి భర్త, భార్య తండ్రి. ‘బావ’ ఎదురుగా అక్క భర్త, భార్య అన్న, నాకంటే పెద్దవాడైన మేనమామ కొడుకు, పెద్దవాడైన మేనత్త కొడుకు. దారి రాసేటప్పుడు అమ్మ, నాన్న, అన్న, తమ్ముడు, అక్క, చెల్లెలు, కొడుకు, కూతురు, భార్య, భర్త అనే మాటలే వాడాలి. ‘మేనమామ కొడుకు’ అని నేను ఇప్పుడు రాసింది కూడా నిజానికి ‘అమ్మ అన్న కొడుకు’, ‘అమ్మ తమ్ముడి కొడుకు’ అని విప్పుకోవాలి. ఏ మాటను వివరించాలో ఆ మాటనే వివరణలో వాడితే విశ్లేషణ అక్కడే ఆగిపోతుంది.

జాబితాను పాడుచేసేవి రెండున్నాయి. ఒకటి, మర్యాద కోసం చుట్టరికం లేనివాళ్లను పిలిచే పిలుపులు. ఆటో నడిపే మనిషిని ‘అన్నా’ అనడం, పక్కింటావిడను ‘పిన్నిగారూ’ అనడం. వాటిని పక్కన పెట్టాలి. రెండోది ప్రాంతాన్ని బట్టి మారే మాటలు. ఒకచోట పిన్ని, బాబాయి అయితే ఇంకోచోట చిన్నమ్మ, చిన్నాయిన. తెలంగాణలో చాలాచోట్ల కాకా. పెద్దమ్మను దొడ్డమ్మ అనే ఇళ్లూ ఉన్నాయి. మాట మారినా అది వర్తించే మనుషులు మారకపోతే, తర్వాత వేసే పట్టికలో అది ఒకే గడి. కాబట్టి ఒక ఇంటి మాటలు తీసుకుని చివరిదాకా వాటితోనే నడవండి.

రెండో మెట్టు: తరం, లింగం

ఇవి సులువైన ఘటకాలు. నా తరం సున్నా. అమ్మానాన్నలది పైన ఒకటి, తాతలది పైన రెండు, పిల్లలది కింద ఒకటి, మనవలది కింద రెండు. తెలుగులో ప్రధానమైన వరుస మాటలేవీ ఈ గీత దాటవు. మామ ఎప్పుడూ పై తరమే, బావ ఎప్పుడూ నా తరమే. లింగం కూడా అంతే. ఇంగ్లీషులో ‘కజిన్’ అంటే ఆడో మగో తెలియదు. తెలుగులో అలాంటి వరుస మాట లేదు.

ఈ రెండు ఘటకాలతో పై తరం మగవాళ్లు ఒక కుప్పలో పడతారు: నాన్న, పెదనాన్న, బాబాయి, మామ. ఇక వీళ్లను విడదీయాలి.

మూడో మెట్టు: వంశం అనే మొదటి ఊహ, అది విరిగే చోటు

ఎవరికైనా ముందు తట్టేది ‘నాన్న వైపు, అమ్మ వైపు’ అనే తేడా. నాన్న తమ్ముడు బాబాయి, అమ్మ తమ్ముడు మామ. కాబట్టి ఇది వంశం తేడా అనిపిస్తుంది. హిందీ వరుసలు చాలావరకు అలాగే నడుస్తాయి. చాచా, మామా, మౌసీ, బువా అని ఒక్కో వైపుకు వేరు మాట ఉంటుంది.

ఊహను పరీక్షించడానికి జాబితా దగ్గరికి వెళ్లాలి. బాబాయి ఎదురుగా ‘నాన్న తమ్ముడు’తో పాటు ‘అమ్మ చెల్లెలి భర్త’ ఉంది. అది అమ్మ వైపు. మామ ఎదురుగా ‘అమ్మ తమ్ముడు’తో పాటు ‘నాన్న అక్క భర్త’ ఉంది. అది నాన్న వైపు. ఒకే మాట కింద రెండు వైపులా కనిపిస్తున్నాయంటే ఆ మాట అర్థంలో ‘వైపు’ లేదన్నమాట. నా తరంలో ఇది ఇంకా స్పష్టం. అమ్మ చెల్లెలి కొడుకు ఇంటిపేరు వేరు, అయినా తమ్ముడే. నాన్న చెల్లెలి కొడుకు ఇంటిపేరూ వేరే, కానీ అతను బావమరిది. వంశమే లెక్కయితే వీళ్లిద్దరూ నా వంశానికి బయటివాళ్లే, ఇద్దరికీ ఒకటే మాట ఉండాలి.

వంశం తెలుగువాళ్లకు పట్టదని దీనర్థం కాదు. ఇంటిపేరు, గోత్రం, పురుడు, మైల అన్నీ వంశం మీదే నడుస్తాయి, ఒకప్పటి ఆస్తి పంపకమూ అంతే. జ్ఞాతులు, దాయాదులు అనే మాటలు అందుకే ఉన్నాయి. కానీ అది వేరే అర్థక్షేత్రం. వరుస మాటల్లో వైపు తేడా గట్టిగా కనిపించేది పైన రెండో తరం ఆడవాళ్ల దగ్గర: అమ్మమ్మ, నాయనమ్మ. అక్కడ కూడా తాత ఇద్దరికీ తాతే. ఈ మెట్టు దగ్గర తొందరపడి ‘వంశం’ అని ఘటకం రాసేసి ముందుకు పోతే, తర్వాత ప్రతి గడిలోనూ మినహాయింపులు రాసుకోవలసి వస్తుంది. మినహాయింపులు పెరుగుతున్నాయంటే ఎంచుకున్న ఘటకం తప్పని గుర్తు.

నాలుగో మెట్టు: మేన, తోడు

మళ్లీ పై తరానికి వెళదాం. నాన్నకు తోబుట్టువు మగవాడైతే పెదనాన్నో బాబాయో, ఆడదైతే మేనత్త. అమ్మకు తోబుట్టువు ఆడదైతే పెద్దమ్మో పిన్నో, మగవాడైతే మేనమామ. అసలు తేడా ఏ వైపు అన్నది కాదు. మధ్యలో ఉన్న అమ్మ లేదా నాన్న, వాళ్ల తోబుట్టువు ఒకే లింగమా, వేరు లింగమా అన్నది. ఒకే లింగమైతే వాళ్లు అమ్మానాన్నల సరసన చేరతారు, వాళ్ల పిల్లలు నాకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు. వేరు లింగమైతే అత్తామామలు అవుతారు, వాళ్ల పిల్లలు బావలు, వదినలు, మరదళ్లు. మొదటి విలువను ‘తోడు’ అని, రెండోదాన్ని ‘మేన’ అని పిలుస్తాను. పై తరంలో భార్యాభర్తలిద్దరికీ విలువ ఒకటే. అందుకే పిన్ని భర్త బాబాయి, మేనత్త భర్త మామ.

మొదట్లో అడిగిన రెండు ప్రశ్నలకూ ఇక్కడే జవాబు దొరికింది. బాబాయిలిద్దరూ ‘తోడు’. మేనత్త ‘మేన’, పిన్ని ‘తోడు’.

తరం, లింగం, మేన–తోడు కలిపితే పట్టిక ఇలా ఉంటుంది. ‘నేను’ మగవాడు.

| తరం | తోడు, మగ | తోడు, ఆడ | మేన, మగ | మేన, ఆడ |
|---|---|---|---|---|
| పైన 1 | నాన్న, పెదనాన్న, బాబాయి | అమ్మ, పెద్దమ్మ, పిన్ని | మామ | అత్త |
| 0 | అన్న, తమ్ముడు | అక్క, చెల్లెలు | బావ, బావమరిది | వదిన, మరదలు |
| కింద 1 | కొడుకు | కూతురు | అల్లుడు, మేనల్లుడు | కోడలు, మేనకోడలు |

ఈ పట్టికలో ఒక సంగతి నన్ను ఎప్పుడూ ఆకట్టుకుంటుంది. ‘మేన’ అనే మాట మేనత్త, మేనమామ, మేనబావ, మేనమరదలు, మేనల్లుడు, మేనకోడలు అని కుడివైపు గడుల్లోనే చేరుతుంది. మేన అన్న, మేన చెల్లెలు అనం. కుడివైపు గడులు ప్రతిదీ రెండు పనులు చేస్తున్నాయి. అమ్మ తమ్ముడూ మామే, భార్య తండ్రీ మామే. అక్క కొడుకూ అల్లుడే, కూతురి భర్తా అల్లుడే. రక్తం ద్వారా వచ్చినవాళ్లనీ పెళ్లి ద్వారా వచ్చినవాళ్లనీ ఒకే గడిలో పెట్టాక, అవసరమైనప్పుడు రక్తసంబంధాన్ని విడిగా చూపడానికే ‘మేన’ చేరుతోంది. అంటే రక్తమా, పెళ్లా అనే ఘటకం తెలుగులో ఉంది కానీ పట్టికలో సగానికే పనిచేస్తుంది. మేనమామ కూతుర్ని చేసుకుంటే మామ మామగానే ఉంటాడు, అత్త అత్తగానే ఉంటుంది. ద్రావిడ వరుసలు పెళ్లి నియమానికి అచ్చుపోసినట్టున్నాయని మానవశాస్త్రవేత్త లూయీ డ్యూమో 1953లో వాదించింది దీన్ని చూసే.

ఐదో మెట్టు: వయసు, ఎవరి వయసు?

ఒక గడిలో ఇంకా ఒకటికి మించి మాటలుంటే మరో ఘటకం కావాలి. నాన్న, అమ్మ, కొడుకు, కూతురు అనే సొంతవాళ్లను పక్కన పెడితే మిగిలింది వయసు. అన్న–తమ్ముడు, బావ–బావమరిది, వదిన–మరదలు, పెద్దమ్మ–పిన్ని జతలను విడదీసేది ఇదే.

తప్పులు ఎక్కువగా దొర్లేది ఇక్కడే, ఎందుకంటే కొలవాల్సింది ఎప్పుడూ ఆ మనిషి వయసు కాదు. పై తరంలో కొలత అమ్మతోనో నాన్నతోనో. నాన్నకంటే పెద్దవాడైన సోదరుడు పెదనాన్న. ఆయన భార్య అమ్మకంటే చిన్నదైనా పెద్దమ్మే. అమ్మ చెల్లెలి భర్త నాన్నకంటే పదేళ్లు పెద్దవాడైనా బాబాయే. నా తరంలో కొలత నాతో, కానీ దారి మధ్యలో తోబుట్టువు ఉంటే ఆ తోబుట్టువు వయసే లెక్క. అన్న భార్య నాకంటే చిన్నదైనా వదినే. చెల్లెలి భర్త దగ్గర మర్యాద అడ్డొస్తుంది. చాలా ఇళ్లలో ఆయనను వయసు చూడకుండా బావగారనే పిలుస్తారు. అది పిలుపుకు సంబంధించిన సంగతి కాబట్టి పట్టికను మార్చక్కర్లేదు.

వయసు పట్టికంతా సమానంగా పరుచుకోలేదు. పై తరంలో తోడు వరుసకే ఉంది. మేనమామ అమ్మకు అన్నయినా తమ్ముడయినా మామే. నా తరంలో రెండు వరుసలకూ ఉంది. కింది తరంలో ఎవరికీ లేదు. ఇలాంటి ఖాళీలను నింపాలని చూడకండి. ఏ ఘటకం ఎక్కడిదాకా పనిచేస్తుందో చూపడం విశ్లేషణలో భాగమే.

ఆరో మెట్టు: చెప్పేది ఎవరు?

ఇప్పుడు ‘నేను’ను ఆడమనిషిని చేయండి. పై తరం గడులు కదలవు. నా తరంలో బావమరిది పోయి మరిది వస్తాడు. పెద్ద మార్పు కింది తరంలో. అన్న పిల్లలు మగవాడికి కొడుకు, కూతురు వరుస. ఆడమనిషికి మేనల్లుడు, మేనకోడలు. అక్క పిల్లలు మగవాడికి మేనల్లుడు, మేనకోడలు. ఆడమనిషికి కొడుకు, కూతురు వరుస. ఇక్కడ ఒకే లింగమా కాదా అని పోల్చాల్సింది నన్నూ నా తోబుట్టువునూ. నాలుగో మెట్టులోని సూత్రమే ఇది, తరం మాత్రం ఒకటి దిగింది. 1909లో మానవశాస్త్రవేత్త క్రోబర్ వరుస మాటలను నడిపే ఎనిమిది లక్షణాలను పేర్కొన్నప్పుడు, చెప్పేవారి లింగాన్నీ మధ్యనున్న మనిషి లింగాన్నీ రెండు వేరు లక్షణాలుగా పెట్టాడు. తెలుగు కింది తరానికి ఆ రెండూ కలిసి కావాలి.

ఏడో మెట్టు: దూరపు చుట్టంతో పరీక్ష

దగ్గరి చుట్టాలతో కట్టిన పట్టిక దూరపు వాళ్లను సరిగ్గా చెప్పగలిగితేనే నిలిచినట్టు. దానికి నియమం చిన్నదే. ఆ మనిషి అమ్మకో నాన్నకో తోడు వరుసా, మేన వరుసా చూడండి. వాళ్లిద్దరూ ఒకే లింగమైతే ఆ విలువ నాకు యథాతథంగా వస్తుంది. వేరు లింగమైతే తిరగబడుతుంది. పై తరం నుంచి వాళ్ల పిల్లల దగ్గరికి దిగేటప్పుడు విలువ మారదు.

నాన్నకు ఒక మేనత్త ఉందనుకుందాం, అంటే తాతకు చెల్లెలు. ఆవిడకు ఒక కొడుకు, ఒక కూతురు. ఇద్దరికీ చెరో ఆడపిల్ల. ఈ పిల్లలిద్దరూ నాకు ఏమవుతారు? ‘నాన్న మేనత్త మనవరాళ్లు కదా, ఇద్దరిదీ ఒకే వరుస’ అని చాలామంది అనేస్తారు.

లెక్క వేద్దాం. మేనత్త కొడుకు నాన్నకు బావ, అంటే మేన. ఇద్దరూ మగవాళ్లే, కాబట్టి విలువ మారదు, నాకు మామ. మామ కూతురు నాకు వదినో మరదలో. ఇక మేనత్త కూతురు నాన్నకు మరదలు అనుకుందాం. ఇదీ మేనే. కానీ నాన్న మగ, ఆమె ఆడ. విలువ తిరగబడి తోడు అవుతుంది. నాకు పిన్ని. పిన్ని కూతురు నాకు అక్కో చెల్లెలో. ఒకే ముసలావిడ మనవరాళ్లలో ఒకరిని చేసుకోవచ్చు, ఇంకొకరు తోబుట్టువు. పెద్దవాళ్లు కాగితం లేకుండా ‘మీ నాన్నకు బావైతే నీకు మామేగా’, ‘మీ నాన్నకు మరదలైతే నీకు పిన్నేగా’ అని తేల్చేసేది ఈ నియమంతోనే.

ఈ పరీక్షకు చరిత్ర ఉంది. 1871లో మానవశాస్త్రవేత్త మోర్గాన్ తమిళ, తెలుగు, కన్నడ వరుసలను ఉత్తర అమెరికాలోని సెనెకా ఇరొక్వా వరుసలతో పోల్చి రెండూ ఒకే పద్ధతి అన్నాడు. దగ్గరి చుట్టాల వరకు అలాగే కనిపిస్తాయి. రెండూ వేరని 1964లో లౌన్స్‌బరీ వివరించాడు. ఇరొక్వా లెక్కలో నాన్న మేనత్త కొడుకు కేవలం నాన్న లింగమే కాబట్టి ‘నాన్న’ వరుస, అతని పిల్లలు తోబుట్టువులు. అంటే పైన చెప్పిన ఇద్దరు అమ్మాయిల జవాబులూ తలకిందులవుతాయి. దగ్గరివాళ్లతో ఆపేసి ఉంటే ఈ తేడా ఎప్పటికీ బయటపడేది కాదు.

ఎనిమిదో మెట్టు: రెండు దారులు కలిసినప్పుడు

మేనమామ కూతురితో, మేనత్త కూతురితో పెళ్లి పట్టికను కదిలించదు. అక్క కూతుర్ని చేసుకునే పెళ్లి మాత్రం కదిలిస్తుంది. మా అక్కను మా మేనమామ చేసుకున్నాడనుకోండి. నిన్నటిదాకా మామ అయినవాడు అక్క భర్తగా బావ. మేన విలువ అలాగే ఉంది, లింగమూ అలాగే ఉంది, తరం ఒకటి జారింది. వాళ్ల కొడుకు నాకు అక్క దారిలో మేనల్లుడు, మామ దారిలో బావమరిది. ఇక్కడా జారింది తరమే, రెండు దారుల్లోనూ మేనే.

మా చెల్లెలికి అలా కాదు. అక్క దారిలో ఆ పిల్లాడు కొడుకు వరుస, అంటే తోడు. మామ దారిలో మరిది, అంటే మేన. అన్నకు తరం ఒక్కటే జారితే చెల్లెలికి వరుసే తలకిందులైంది. వాడుకలో దగ్గరి దారి గెలుస్తుంది: వాడికి ఆవిడ పిన్నే. సమాచారం సేకరించేటప్పుడు ఒకరిని ఒకే మాటతో ముగించకుండా ‘ఇంకో రకంగా ఏమవుతాడు?’ అని అడిగి రెండు దారులూ రాసుకోవాలి. లేకపోతే పట్టికకు లొంగని ఒక్క మాట చూసి పట్టికే తప్పనుకునే ప్రమాదం ఉంది.

ఒకే జాబితాను రెండు మూడు రకాల ఘటకాలతోనూ విడదీయవచ్చని, అందులో ఏది జనం తలలో ఉందో జాబితా ఒక్కటే చెప్పలేదని మానవశాస్త్రవేత్త రాబిన్స్ బర్లింగ్ 1964లో గట్టిగా అడ్డు చెప్పాడు. ఆ అభ్యంతరం న్యాయమైనదే. దానికి నాకు కనిపించే మంచి జవాబు, జాబితాలో చేర్చని చోట జనం ఏం చేస్తున్నారో చూడడం.

చివరి పరీక్ష: వియ్యంకులు

వియ్యంకులకు నిన్నటిదాకా ఏ చుట్టరికమూ లేకపోవచ్చు. వాళ్లు ఒకరినొకరు ఏమని పిలుచుకోవాలో పట్టిక ముందే చెప్పగలగాలి. పెళ్లికొడుకు తల్లిని ‘నేను’గా తీసుకోండి. పెళ్లికూతురు ఆవిడకు కోడలు: కింది తరం, మేన, ఆడ. ఆడమనిషికి మేన వరుస పిల్లలు అన్నదమ్ముల పిల్లలు. కాబట్టి పెళ్లికూతురి తండ్రి ఆవిడకు అన్నదమ్ముల గడిలో పడాలి, అతని భార్య వదిన గడిలో పడాలి. పెళ్లికొడుకు తండ్రికి అదే కోడలు అక్కచెల్లెళ్ల కూతురి గడిలో ఉంటుంది. కాబట్టి వియ్యపురాలు ఆయనకు తోబుట్టువు, వియ్యంకుడు బావ.

పెళ్లింట్లో వినిపించేది సరిగ్గా ఇదే. వియ్యపురాళ్లిద్దరూ ‘వదినగారూ’ అనుకుంటారు. వియ్యంకులు ‘బావగారూ’ అనుకుంటారు. పెళ్లికొడుకు తల్లి పెళ్లికూతురి తండ్రిని ‘అన్నయ్యగారూ’ అంటుంది, ఆయన ఆవిడను ‘చెల్లెమ్మా’ అంటాడు.